అది మూడా? ఎనిమిదా?

ఈ వారం మెయిల్‌బాక్స్‌లో దొరికిన ఉత్తరం చిన్నదే. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న ఓ చెల్లెమ్మ రాసింది. వాళ్లమ్మగారి డ్వాక్రా సంఘంలో కరెంటు బిల్లు ఫోన్లోనే కట్టడం నేర్పించమని అడిగారట. స్క్రీన్‌షాట్లు తీసి, ఎనిమిది స్లైడ్లు చేసి, పంచాయతీ ఆఫీసు ప్రొజెక్టర్‌ మీద ట్రయల్ వేసి చూసింది. 'అన్నా, అన్నీ మసకే. సర్వీసు నంబర్లో అది మూడో ఎనిమిదో వెనక వరసలో కూర్చున్న నాకే తెలియలేదు. ఒక యాప్‌లో షార్ప్ చేశాను. ఇంకా ఘోరంగా తయారైంది. ఏం చెయ్యను?' అని ప్రశ్న.

ఇది అందం కోసం అడిగిన ప్రశ్న కాదు. నంబర్లో ఒక అంకె తప్పుగా చదివితే కట్టే డబ్బు ఎదురింటి వాళ్ల బిల్లుకి జమ కావచ్చు. అందుకే ఆ ఫైళ్లు నాకు పంపమన్నాను. మూడు పంపింది. తెరవకముందే సగం జబ్బు తెలిసిపోయింది, పేరు చూస్తే చాలు. ఫోన్లో తీసిన స్క్రీన్‌షాట్ పేరు మామూలుగా `Screenshot_` అని మొదలవుతుంది. ఈమె పంపిన వాటి పేర్లు `IMG-` అని మొదలై, మధ్యలో `WA` అని ఉన్నాయి. అంటే అవి వాట్సాప్ మీదుగా వచ్చినవి. అమ్మ ఫోన్లో తీసి, తన నంబరుకి పంపుకుని, అక్కణ్నుంచి లాప్‌టాప్‌కి ఎక్కించింది. మనమందరం చేసే పనే.

మీ దగ్గరున్న మసక బొమ్మకి కూడా ముందు ఇదే పరీక్ష చేయండి. గ్యాలరీలో బొమ్మ తెరిచి వివరాలు చూడండి. పేరు, కొలత రెండే చూడండి. వాళ్లమ్మగారి ఫోన్ తెర 1080 పిక్సెళ్ల వెడల్పు, 2400 ఎత్తు. స్క్రీన్‌షాట్ కూడా సరిగ్గా అంతే ఉండాలి. నాకు వచ్చిన బొమ్మ 720, 1600. మామూలు క్వాలిటీలో ఫొటో పంపితే వాట్సాప్ దాన్ని ఇలా చిన్నది చేసి, జేపెగ్‌గా నొక్కి పంపుతుంది. డేటా ఆదా కోసం చేసే పని అది. పెళ్లి ఫొటోకి ఏమీ కాదు. అక్షరాలకి మాత్రం ప్రాణం మీదకొస్తుంది.

ఎందుకంటే జేపెగ్ బొమ్మని ఎనిమిది పిక్సెళ్లు, ఎనిమిది పిక్సెళ్ల చిన్న చిన్న గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో వెలుగు ఎలా మారుతోందో లెక్కగట్టి, సన్నటి మార్పుల్ని పారేస్తుంది. ముఖం మీద, చీర మడతల్లో వెలుగు మెల్లగా మారుతుంది కాబట్టి పారేసినా కంటికి ఆనదు. అక్షరం అలా కాదు. తెల్లటి చోట నుంచి ఒక్క గెంతులో నల్లటి గీత. ఆ గెంతే అక్షరం. దాన్ని సగం పారేస్తే గీత చుట్టూ దోమలు ముసిరినట్టు బూడిదరంగు చుక్కలు మిగులుతాయి. రంగుల సంగతి ఇంకా అన్యాయం. చాలాసార్లు రంగు వివరాన్ని అడ్డంగా సగం, నిలువుగా సగం చేసి దాస్తారు. ఎర్ర బటన్ మీద తెల్ల అక్షరాలు ముందుగా చెదిరిపోయేది అందుకే.

మన తెలుగుకి ఇంకో కష్టం ఉంది. ఇంగ్లిష్ అక్షరం కాస్త మసకైనా ఊహించి చదివేస్తాం. తెలుగులో ద కి, ధ కి తేడా అడుగున చిన్న గీత. డ, ఢ అంతే. ప, ఫ అంతే. వత్తులైతే అసలు అక్షరం కంటే చిన్నవి. బొమ్మ చిన్నదైనప్పుడు ముందు పోయేవి ఈ చిన్న గీతలే. కాబట్టి తెలుగు యాప్ స్క్రీన్‌షాట్‌కి ఇంగ్లిష్ దానికంటే ఎక్కువ పిక్సెళ్లు కావాలి. ఈ సంగతి ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో ఎవరూ చెప్పరు, వాళ్లకి అవసరం లేదు కనక.

సరే, చెల్లెమ్మ చేసిన షార్ప్ సంగతి. షార్ప్ చేయడం అంటే పోయిన గీతని వెతికి తేవడం కాదు. ఉన్న అంచుకి ఇటు నలుపు కాస్త పెంచి, అటు తెలుపు కాస్త పెంచడం. అసలు అంచే చెదిరిపోయి, చుట్టూ బూడిద చుక్కలుంటే? ఆ చుక్కల్ని కూడా అంచులే అనుకుని పెంచుతుంది. ఆమె పంపిన మూడో ఫైల్లో ప్రతి అంకె చుట్టూ తెల్లటి గుడ్డ చుట్టినట్టుంది. మూడుకి ఎడమవైపు ఖాళీలో బూడిద చుక్క ఉంటే, అది నల్లబడి ఎనిమిదిలా తయారైంది. అంటే మసకగా ఉన్నప్పుడు 'తెలియడం లేదు' అనుకునే జనం, షార్ప్ చేశాక 'ఎనిమిది' అని నమ్మేస్తారు. నాకు మసకే నయమనిపించింది.

ఇక మందు. మొదటిది, తిరగతీయగలిగితే తిరగతీయండి. రిపేరు మీద గంట పెట్టడం కంటే కొత్త స్క్రీన్‌షాట్ మీద నిమిషం పెట్టడం మేలు. తీసే ముందు ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిస్‌ప్లేలో ఫాంట్ సైజు ఒకటి రెండు మెట్లు పెంచండి. చాలామంది ఈ పని చేయరు. పెంచితే ఫోనే అంకెని ఎక్కువ పిక్సెళ్లతో గీస్తుంది. ఆ తర్వాత ఏ ఎడిటరూ ఇవ్వలేని స్పష్టత అది. కొన్ని యాప్‌లు ఈ సెట్టింగ్‌ని లెక్కచేయవు, చేసేవాటిలో బాగా పనిచేస్తుంది. డార్క్ మోడ్ ఆపేయండి. వెలుతురున్న గదిలో పాత ప్రొజెక్టర్ నల్ల రంగుని బూడిదగానే చూపిస్తుంది. ఫోన్లో స్క్రీన్‌షాట్ ఫార్మాట్ ఎంచుకునే వీలుంటే పీఎన్‌జీ పెట్టండి. అది ఒక్క పిక్సెల్ కూడా పారేయదు.

తీశాక లాప్‌టాప్‌కి పంపడం కేబుల్‌తో అయితే బెంగ లేదు. వాట్సాప్‌లోనే పంపాలంటే గ్యాలరీ గుర్తు నొక్కకుండా `Document` నొక్కి, అందులోంచి ఆ ఫైల్ ఎంచుకోండి. అలా పంపితే బైటు కూడా మారకుండా చేరుతుంది. 2023 నుంచి ఉన్న `HD` బటన్ మామూలు దానికంటే మెరుగే, కానీ అదీ నొక్కే పంపుతుంది. అక్షరాలున్న బొమ్మకి డాక్యుమెంటే నా ఓటు. చేరాక లాప్‌టాప్‌లో కొలత చూడండి. 1080, 2400 అని ఉంటే దారిలో ఏమీ పోలేదన్నమాట.

మూడింట్లో రెండు తెరలు ఇలా తిరిగి తీసేసింది. ఫైళ్లు చక్కగా వచ్చాయి. స్లైడ్‌లో పెడితే మళ్లీ చదవడానికి లేదు! ఇక్కడే అసలు కథ ఉంది. మసక అంతా ఫైల్‌లో ఉండదు, సగం మనం పెట్టే తీరులో ఉంటుంది.

లెక్క చూడండి, చిన్నదే. అసలు స్క్రీన్‌షాట్‌లో సర్వీసు నంబరు అంకెలు సుమారు 42 పిక్సెళ్ల ఎత్తు. ఆమె మొత్తం ఫోన్ తెరని నిలువుగా స్లైడ్ మధ్యలో నిలబెట్టింది. పంచాయతీ ఆఫీసు ప్రొజెక్టర్ 1280, 800 ది. మామూలు వెడల్పాటి స్లైడ్ దాని మీద 1280, 720 గా పడుతుంది. అంటే 2400 పిక్సెళ్ల ఎత్తున్న బొమ్మ 720 లో ఇరుక్కోవాలి. 42 ఉన్న అంకె 13 కి దిగిపోతుంది. పదమూడు చుక్కల ఎత్తులో మూడు, ఎనిమిది దాదాపు కవలలే. బొమ్మ ఎంత క్రిస్ప్‌గా ఉన్నా సరే, ప్రొజెక్టర్ దగ్గర అన్ని చుక్కలు లేవు. ఇంకో పక్క, నిలువు బొమ్మకి అటూ ఇటూ స్లైడ్‌లో ముప్పాతిక వంతు చోటు ఖాళీగా పడి ఉంది.

కాబట్టి మొత్తం తెర చూపించకండి. ఆ స్లైడ్‌లో చెప్పే మాటకి కావలసిన ముక్క మాత్రం కోయండి. ఆమె స్క్రీన్‌షాట్‌లో నంబరు రాసే గడి, కింద బటన్ కలిపి 1080 వెడల్పు, 600 ఎత్తు ముక్క సరిపోయింది. పవర్‌పాయింట్‌లో వెడల్పాటి స్లైడ్ 13.33 అంగుళాలు. 1280 ని 13.33 తో భాగిస్తే అంగుళానికి 96 పిక్సెళ్లు. 1080 ని 96 తో భాగిస్తే 11.25. బొమ్మ మీద క్లిక్ చేసి, సైజు గడిలో వెడల్పు 11.25 అని కొట్టమన్నాను. ఎత్తు దానంతటదే 6.25 అవుతుంది, పైన శీర్షికకి అంగుళంపైన చోటు మిగులుతుంది. ఇప్పుడు బొమ్మలో ఒక పిక్సెల్‌కి ప్రొజెక్టర్ మీద దాదాపు ఒక పిక్సెల్. 13 ఉన్న అంకె మళ్లీ 42. మూడు రెట్లకి పైగా పెరిగింది, ఏ ఫిల్టరూ వేయకుండా.

మీ ప్రొజెక్టరో టీవీనో 1920, 1080 ది అయితే అంగుళానికి 144 పడుతుంది. అప్పుడు 7.5 అంగుళాల దగ్గర ఒకటికొకటి కుదురుతుంది. అక్కడ 11.25 పెట్టినా మునిగేదేం లేదు, అంచులు కాస్త మెత్తబడతాయి గానీ అంకె పెద్దదే. పక్క అంచులు పట్టుకుని చేత్తో లాగడం కంటే అంకె కొట్టడం మంచిదనేది మాత్రం గట్టిగా చెబుతాను. లాగినప్పుడు వెడల్పు, ఎత్తు చెరో తీరుగా సాగితే గుండ్రటి సున్నా కోడిగుడ్డైపోతుంది.

కోసే పని పవర్‌పాయింట్‌లో కాకుండా ఫోన్ గ్యాలరీలోనో, లాప్‌టాప్‌లో పెయింట్‌లోనో ముందే చేసేయండి. పవర్‌పాయింట్‌లో కోసిన ముక్క కంటికి కనపడదు గానీ ఫైల్‌లో మామూలుగా అలాగే ఉంటుంది. ఆ పీపీటీ ఎవరికైనా పంపితే, వాళ్లు క్రాప్ వెనక్కి లాగి వాళ్లమ్మగారి పేరు, బ్యాలెన్సు అన్నీ చూడొచ్చు. నంబర్లు దాచాలన్నా అంతే. పైన ఒక గడి గీసి పెడితే జరిపేయొచ్చు. బ్లర్ చేస్తే కొన్నిసార్లు అంకెలు ఊహించొచ్చు. బొమ్మలోనే నిండు రంగు పూసి, సేవ్ చేసి, అప్పుడు స్లైడ్‌లోకి తీసుకురండి. అన్నట్టు, యూపీఐ పిన్ కొట్టే తెర స్క్రీన్‌షాట్ తీస్తే నల్లగా వచ్చిందని కూడా అడిగింది. అది ఫోన్ పాడై కాదు, భద్రత కోసం యాప్ కావాలనే అడ్డుపడుతుంది. పక్క ఫోన్‌తో ఫొటో తీసి చూపించాల్సిన అవసరం లేదు. అక్కడ 'ఇక్కడ మీ పిన్ కొట్టాలి, ఎవరికీ చూపకూడదు' అని ఒక ఖాళీ గడి గీస్తే చాలు.

మిగిలింది మూడో తెర. బిల్లు కట్టేసే ముందు వచ్చే పేజీ అది. బిల్లు కట్టేశారు, మళ్లీ బిల్లొచ్చేదాకా ఆ పేజీ రాదు. అమ్మ ఫోన్లో ఒరిజినల్ కూడా డిలీటైపోయింది. 720, 1600 ఉన్న నలిగిన జేపెగ్ తప్ప దారి లేదు. ఇదిగో, రిపేరు అనేది అవసరమయ్యేది ఇలాంటి చోటే.

లాప్‌టాప్‌లో జింప్ ఉంటే దాంట్లో, లేదా బ్రౌజర్‌లో తెరుచుకునే ఫొటోపీలో చేయొచ్చు. రెండూ డబ్బు కట్టకుండానే వాడొచ్చు. ముందు కావలసిన ముక్క కోసి, దాన్ని సరిగ్గా రెండింతలు చేయమన్నాను. దీంతో కొత్త వివరం ఏమీ రాదు, తర్వాత చేసే పనికి చోటు వస్తుందంతే. తర్వాత జింప్‌లో `Colors` మెనూలో `Levels`. అందులో కింద మూడు త్రికోణాలుంటాయి. కుడివైపు తెల్లదాన్ని 255 నుంచి 240 దగ్గరికి లాగితే, అక్షరాల చుట్టూ ముసిరిన లేత బూడిద దోమలు తెల్లటి నేపథ్యంలో కలిసిపోతాయి. ఎడమవైపు నల్లదాన్ని 40 దాకా తెస్తే వెలిసిన అక్షరం నల్లబడుతుంది. ఎంత లాగాలో ఎలా తెలుస్తుంది? సన్నటి గీతలు చూడండి. ధ అడుగున గీత తెగిపోవడం మొదలైందంటే ఎక్కువ లాగినట్టు, కాస్త వెనక్కి రండి. షార్ప్ చేయాలనిపిస్తే ఇప్పుడు, దోమలు పోయాక, చాలా కొద్దిగా చేయండి. అంచు చుట్టూ తెల్ల గీత కనపడగానే ఆపేయండి.

ఇంత చేసినా చిన్న అక్షరాలు బాగుపడవు. అక్కడ నేను చేసేది ఒక్కటే, మళ్లీ టైప్ చేయడం. నేపథ్యం రంగుని డ్రాపర్‌తో తీసుకుని పాత అక్షరం మీద పూసి, దాని మీద అదే మాట కొత్తగా టైప్ చేయమన్నాను. ఆండ్రాయిడ్‌లో తెలుగుకి మామూలుగా కనిపించేది నోటో సాన్స్ తెలుగు ఫాంట్. ఉచితంగా దొరుకుతుంది, అందుకే అతికినట్టు కుదురుతుంది. ఆమె స్క్రీన్‌లో ఇలా మార్చాల్సి వచ్చింది నాలుగు చోట్లే: శీర్షిక, నంబరు, మొత్తం, బటన్ మీద మాట. మిగతా మసక అలాగే ఉన్నా ఎవరూ అటు చూడరు.

దీనికి రెండు హద్దులున్నాయి. మసకలో కనపడని అంకెని ఊహించి టైప్ చేయకూడదు. కాగితం బిల్లు చూసి కొట్టాలి, లేదా అన్నీ సున్నాలు పెట్టి 'ఇది నమూనా' అని రాయాలి. నిజానికి ఎవరి నంబరూ బయటపడని సున్నాలే మంచిదని ఆమె అదే చేసింది. రెండోది, ఈ పని పాఠం చెప్పే బొమ్మకే. డబ్బు కట్టిన రసీదు లాంటి వాటిని సాక్ష్యంగా చూపించేటప్పుడు ఒక్క పిక్సెల్ కూడా ముట్టుకోవద్దు. అది ఎంత మసకగా ఉంటే అంత మసకగానే చూపించాలి.

చివర్లో ఒక స్క్రీన్ రికార్డింగ్ కూడా పెట్టింది, మొదటి నుంచి చివరిదాకా ఎలా నొక్కాలో. ఫోన్లో చూస్తే బాగుంది, పెద్ద తెర మీద జావ. వీడియోలో మసక వేరే తీరులో పుడుతుంది. రికార్డర్‌కి సెకనుకి ఇంత డేటా అని ఒక రేషన్ ఉంటుంది. తెర కదలకపోతే ఆ రేషన్ అంతా అక్షరాల మీద పడి, ఒకట్రెండు క్షణాల్లో స్పష్టత పెరుగుతుంది. స్క్రోల్ చేయగానే తెరంతా ఒకేసారి మారుతుంది, రేషన్ చాలదు, గళ్లు గళ్లుగా చెదురుతుంది. ఆమె గబగబా స్క్రోల్ చేసి, ఆగీ ఆగకుండానే నొక్కేస్తోంది.

అందుకని రికార్డర్ సెట్టింగ్స్‌లో క్వాలిటీ పైమెట్టుకి పెట్టి, ప్రతి పేజీ దగ్గర రెండు సెకన్లు వేలు తీసేసి ఆగమన్నాను. వేలు ఎక్కడ తగిలిందో చుక్కగా చూపించే ఆప్షన్ ఉంటే ఆన్ చేయమన్నాను. అయినా చదవాల్సిన చోటుకి వీడియోని నమ్మక్కర్లేదు. ఎడిటింగ్ యాప్‌లో ఆ రెండు సెకన్ల మీద, అదే పేజీ పీఎన్‌జీ స్క్రీన్‌షాట్‌ని కోసి, పెద్దది చేసి అతికించండి. కదలిక వీడియో చూపిస్తుంది, అక్షరాలు స్క్రీన్‌షాట్ చూపిస్తుంది. చూసేవాళ్లకి కెమెరా దగ్గరికి జరిగినట్టే అనిపిస్తుంది. యూట్యూబ్‌లో పెట్టే ఆలోచన ఉంటే, ఎక్కించిన వెంటనే లింకు పంచకండి. ముందు తక్కువ క్వాలిటీ కాపీ తయారవుతుంది, హెచ్‌డీ కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆ మధ్యలో చూసినవాళ్లంతా 'మసక' అనే అంటారు.

ఇక ట్రయల్ కోసం ప్రతిసారీ పంచాయతీ ఆఫీసు తాళం తీయించలేం కదా అంది. ఇంట్లోనే చూసుకునే ఉపాయం ఉంది. అక్కడ తెర వెడల్పు ఎంత, చివరి వరస ఎంత దూరం? తెర రెండు మీటర్లు, వెనక వరస ఎనిమిది మీటర్లు. అంటే తెర వెడల్పుకి నాలుగింతల దూరం. ఆమె లాప్‌టాప్ తెర సుమారు 34 సెంటీమీటర్లు, నాలుగింతలంటే 136, అంటే నాలుగున్నర అడుగులు. స్లైడ్ షో పెట్టి, నాలుగున్నర అడుగులు వెనక్కి జరిగి చదవాలి. ప్రొజెక్టర్‌లో చుక్కలు తక్కువ కాబట్టి ఇంకో అడుగు వెనక్కి వేస్తే ఇంకా నిక్కచ్చి. చదివేది కూడా ఆమె కాదు, ఆ స్లైడ్లు చూడని మనిషి. తయారుచేసినవాళ్లకి నంబరు ముందే తెలుసు కాబట్టి మసకలో కూడా కనపడుతుంది.

నిన్న జవాబు వచ్చింది. పక్కింటి పెద్దమ్మని కూర్చోబెట్టి చదివించిందట. ఏడు స్లైడ్లు గడగడా చదివేసిందావిడ. ఎనిమిదోది, డబ్బు కట్టాక వచ్చే పేజీ, దగ్గర ఆగిపోయింది. అందులో తేదీ, మొత్తం, పొడవాటి రిఫరెన్స్ నంబరు అన్నీ ఒకే ముక్కలో ఇరికించి ఉన్నాయి. దాన్ని రెండు స్లైడ్లుగా కోస్తోంది ఇప్పుడు.